నెలకోసారి మూడు గంటల రివ్యూ వద్దు, రోజూ బోర్డు దగ్గర పావుగంట నిలబడదాం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో చిన్న మెషినింగ్ యూనిట్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం.

మీ షాపుల్లో ప్రొడక్షన్, క్వాలిటీ, స్టోర్స్ పనులు చూసే సూపర్‌వైజర్లం, ఇన్‌స్పెక్టర్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ముప్పై నలభై మంది పనిచేసే యూనిట్లలో నెలకోసారి జరిగే రివ్యూ మీటింగ్‌ను ఆపేయమనీ, దాని స్థానంలో రోజూ ఉదయం షాప్‌ఫ్లోర్ మీదే బోర్డు ముందు పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకునే పద్ధతి పెట్టమనీ అడుగుతున్నాం. ఎందుకు అడుగుతున్నామో, ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో అన్నీ చెప్తాం.

ముందు ఒక లెక్క. ఈ మార్పుతో టైమ్ మిగులుతుందని మేం చెప్పడం లేదు. తొమ్మిది మంది మూడు గంటలు కూర్చుంటే 27 గంటలు. దానికి ముందు రిపోర్టులు తయారు చేయడానికి ఇద్దరికి ఒక్కో రోజు పడుతుంది, అది 16 గంటలు. మొత్తం 43. రోజూ ఏడుగురు పావుగంట నిలబడితే రోజుకు గంటా నలభై అయిదు నిమిషాలు, నెలలో 26 పని దినాలకు 45.5 గంటలు. అంటే ఖర్చు ఇంచుమించు ఒకటే, కొంచెం ఎక్కువే. లాభం ఉన్నది టైమ్‌లో కాదు, కబురు ఎంత తాజాగా అందుతుందన్న దాంట్లో. అది మాటల్లో చెప్తే తేలదు కాబట్టి ఒక జాబ్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఈఎన్8 స్టీల్‌లో పివట్ పిన్, 1,800 పీసులు. డ్రాయింగ్‌లో బయటి వ్యాసం 25 మి.మీ., టాలరెన్స్ పైకి సున్నా, కిందికి 50 మైక్రాన్లు. అంటే 24.950 నుంచి 25.000 దాకా సరే. కాకపోతే ఈ కొలత జింక్ ప్లేటింగ్ అయ్యాక ఉండాల్సినది. ప్లేటింగ్ మందం 8 నుంచి 12 మైక్రాన్లు. పూత చుట్టూ పడుతుంది కాబట్టి వ్యాసం దానికి రెట్టింపు, 16 నుంచి 24 మైక్రాన్లు పెరుగుతుంది. కనుక సీఎన్‌సీ మీద నుంచి దిగేటప్పుడు పిన్ 24.934కు తగ్గకూడదు, 24.976 దాటకూడదు. సెట్టర్ దీన్ని సరిగ్గానే లెక్కవేసుకుని మొదటి పీస్ 24.955 దగ్గర పెడతాడు.

బయటి వ్యాసం తిప్పేటప్పుడు ఇన్సర్ట్ అరిగేకొద్దీ పీస్ లావెక్కుతుంది. ఈ జాబ్‌లో పది పీసులకు ఒక మైక్రాన్ చొప్పున పెరుగుతోందనుకుందాం. రోజుకు 150 పీసులు, రోజూ పొద్దున కొత్త ఎడ్జ్. అలాగైతే సాయంత్రానికి 24.970. హద్దులోనే ఉంది. మొదటి మూడు రోజులు ఇలాగే నడుస్తుంది.

నాలుగో రోజుకి స్టోర్స్‌లో ఇన్సర్ట్‌లు అయిపోవచ్చాయి. సీఎన్ఎంజీ ఇన్సర్ట్‌కు నాలుగు ఎడ్జ్‌లు, పది ఇన్సర్ట్‌ల డబ్బాకు నలభై. కానీ అదే డబ్బా మీద ఇంకో రెండు మెషిన్లు కూడా ఆధారపడి ఉన్నాయి. కొత్త డబ్బాకు పర్చేజ్ ఆర్డర్ రాశారు, అది సంతకం కోసం ఆగి ఉంది. ఆపరేటర్ జాగ్రత్తపరుడు, ఉన్నవాటిని సర్దుకోవాలని ఒక్కో ఎడ్జ్‌ను రెండు రోజులు వాడతాడు. ఇప్పుడు ఎడ్జ్ మీద 300 పీసులు. 210వ పీస్ దగ్గర 24.976 దాటుతుంది, 300వ పీస్ 24.985 దగ్గర దిగుతుంది. అతని చేతిలో ఉన్న స్నాప్ గేజ్ మాత్రం 25.000కు సెట్ చేసినది. ప్లేటింగ్ తర్వాతి కొలతకు పెట్టిన గేజ్‌తోనే ప్లేటింగ్ ముందు పీసులను చూస్తున్నాడు. గేజ్ సరే అంటోంది గనుక ఆఫ్‌సెట్ ముట్టుకోడు. ముట్టుకోవాల్సిన కారణం అతనికి కనిపించదు.

ప్రతి 300లో చివరి 90 పీసులు హద్దు దాటాయి. పన్నెండు రోజుల జాబ్ పూర్తయ్యేసరికి అలాంటివి 360. వాటిలో ఎన్ని తిరిగొస్తాయన్నది పూత ఎంత మందంగా పడిందన్న దాని మీద ఉంటుంది. 8 మైక్రాన్ల దగ్గర పడితే చాలావరకు గట్టెక్కుతాయి, 12 దగ్గర పడితే అన్నీ ఎక్కువ సైజులోకి పోతాయి. మంచివాటితో కలిసిపోయి ఉంటాయి కాబట్టి 1,800 పీసులనూ ఒక్కొక్కటీ కొలిచి ఏరాలి. పోయినవాటికి యాసిడ్‌లో జింక్ తీసి, మళ్లీ తిప్పి, మళ్లీ ప్లేటింగ్‌కు పంపాలి. ఆ జాబ్‌లో మిగిలిన లాభం అక్కడితో సరి.

ఇప్పుడు తేదీలు చూడండి. జాబ్ 3వ తేదీ సోమవారం మొదలైంది. ఇన్సర్ట్ కొరత 6న మొదలైంది, మొదటి చెడ్డ పీస్ 7న దిగింది. 15న మెషినింగ్ పూర్తి, 17న ప్లేటింగ్‌కు పోయింది, 22న తిరిగొచ్చింది, 25న కస్టమర్ దగ్గర నుంచి ఫిర్యాదు. రివ్యూ మీటింగ్ వచ్చే నెల మొదటి శనివారం. అంటే ఇన్సర్ట్ లేదన్న ముక్క అందరూ ఉన్న చోట వినబడేసరికి నాలుగు వారాల పైనే. అప్పటికి ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు కూడా. స్లైడ్ మీద ఉండేది ‘పివట్ పిన్ రిజెక్షన్ ఎక్కువ’ అన్న ఒక్క వరుస. బాధ్యులెవరని అడుగుతారు. ప్లేటింగ్ వాడు మందం ఎక్కువ వేశాడని క్వాలిటీ, ఆపరేటర్ చూసుకోలేదని ప్రొడక్షన్ చెప్తాయి. చివరికి ‘ఆపరేటర్లకు ట్రైనింగ్ ఇవ్వాలి’ అని మినిట్స్‌లో రాస్తారు. ఇన్సర్ట్ డబ్బా సంగతి, గేజ్ సంగతి ఎక్కడా రావు. వచ్చే నెల ఇంకో జాబ్‌లో ఇదే జరుగుతుంది.

మన దగ్గర పని తెలిసినవాళ్లకు కొరత లేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి బాలానగర్‌లోనే ఉంది. మైక్రాన్ అంటే ఏమిటో తెలిసిన మనుషులు ఈ గల్లీల్లో చాలామంది ఉన్నారు. పై జాబ్‌లోనూ సమాధానం షాపులోనే ఉంది. ఇన్సర్ట్ లేదని ఆపరేటర్‌కు తెలుసు, ఆర్డర్ ఎక్కడ ఆగిందో స్టోర్స్‌కు తెలుసు, ప్లేటింగ్ లెక్క సెట్టర్‌కు తెలుసు. ఆ ముగ్గురూ ఒకే చోట ఒకే పూట నిలబడలేదు, అంతే.

నిలబడి ఉంటే 7వ తేదీ పొద్దున ఇలా జరిగేది. ఆపరేటర్: ‘ఇన్సర్ట్ లేదు సార్, నిన్నటి ఎడ్జ్‌తోనే నడుపుతా.’ స్టోర్స్: ‘ఆర్డర్ సంతకం కాలేదు.’ సూపర్‌వైజర్: ‘రాణిగంజ్‌కు మనిషిని పంపి మధ్యాహ్నంకల్లా ఒక డబ్బా తెప్పించు.’ బోర్డు మీద నిన్నటి చివరి పీస్ కొలత 24.970 అని ఉంది. ఇంకో అరవై పీసుల్లో హద్దుకు చేరుతుందని సెట్టర్ చూసి, మెషిన్ స్టార్ట్ చేయకముందే వేర్ ఆఫ్‌సెట్‌లో 15 మైక్రాన్లు తగ్గించమంటాడు. ‘మరి నా గేజ్ 25 దాకా సరే అంటోంది గదా’ అని ఆపరేటర్ అడుగుతాడు. అక్కడ క్వాలిటీ మనిషికి విషయం వెలుగుతుంది. స్నాప్ గేజ్‌ను స్లిప్ గేజ్‌లు పెట్టి 24.976కు మార్చి, ‘ప్లేటింగ్ ముందు’ అని ట్యాగ్ కట్టడం 11 గంటలకల్లా తన పని అని రాసుకుంటాడు. మొత్తం మూడు నిమిషాలు. హద్దు దాటిన పీసులు సున్నా.

పద్ధతి ఎలా ఉండాలో చెప్తాం. షిఫ్ట్ మొదలైన వెంటనే పెట్టాలి, పని గంటల్లోనే, జీతం కిందే. షిఫ్ట్‌కు పావుగంట ముందు రమ్మంటే మొదటి వారంలోనే చచ్చిపోతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. రాత్రంతా చల్లబడిన మెషిన్‌లో స్పిండిల్, బాల్‌స్క్రూ వేడెక్కేదాకా కొలత నిలబడదు, కాబట్టి జాబ్ పెట్టకుండా పది పదిహేను నిమిషాలు వార్మప్ ప్రోగ్రామ్ తిప్పడం మంచి అలవాటు. మెషిన్లు తలుపులు మూసి వార్మప్‌లో తిరుగుతుండగానే ఈ మాటలు అయిపోతాయి. చాలా షాపుల్లో ఆ వార్మప్ జరగడం లేదు, ఈ వంకతో అదీ మొదలవుతుంది.

చోటు మెషిన్ల వరుస పక్కనే ఉండాలి, కంప్రెసర్‌కు దూరంగా. ఆఫీస్ గదిలో పెడితే ఆపరేటర్ నోరు విప్పడు, పైగా అనుమానం వచ్చిన పీస్‌ను చేత్తో పట్టుకుని చూపించే వీలుండదు. నాలుగడుగుల వైట్‌బోర్డు ఒకటి చాలు. ఒక్కో మెషిన్‌కు ఒక వరుస. ఏ జాబ్ నడుస్తోంది, నిన్న ఎన్ని అనుకున్నాం, ఎన్ని అయ్యాయి, చివరి పీస్ కొలత ఎంత, ఎన్ని రిజెక్ట్, తగ్గితే ఎందుకు తగ్గాయి. కుడివైపు మూడో వంతు బోర్డును ఆగిన పనులకు వదలాలి. అందులో విషయం, ఎవరు చూస్తారు, ఎప్పటికి, మొదట ఏ రోజు చెప్పారు అన్నవి ఉంటాయి. ఆ ‘మొదట చెప్పిన తేదీ’ని తుడవకూడదు. బోర్డులో అన్నిటికన్నా విలువైన గడి అదే అని మా అభిప్రాయం. పని పూర్తయ్యేదాకా పాత తేదీ అక్కడే ఉంటే, అది ఎన్ని రోజుల నుంచి ఆగిందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మన ఆపరేటర్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తెలుగులో పొడుగాటి వాక్యాలు రాసిన బోర్డు వాళ్లకు గోడతో సమానం. అంకెలు రాయండి, పచ్చా ఎరుపూ అయస్కాంత బిళ్లలు పెట్టండి. మాట హిందీలోనో, మన హైదరాబాదీ కలగలుపులోనో సాగనివ్వండి.

ఎవరుండాలంటే సూపర్‌వైజర్, సెట్టర్, క్వాలిటీ, మెయింటెనెన్స్, స్టోర్స్, డిస్పాచ్, ఇంకా ఆ రోజు ఇబ్బంది ఉన్న మెషిన్ ఆపరేటర్. ఏడుగురు, మహా అయితే ఎనిమిది. పది దాటితే వెనకవాళ్లు ఫోన్లు చూసుకుంటారు. అంకెలు నిలబడే ముందే బోర్డు మీద ఉండాలి, అక్కడ చదివి వినిపించడం ఉండదు. మొదట ఎవరు రాలేదు, నిన్న ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్నది రెండు నిమిషాలు. తర్వాత ఎర్ర బిళ్ల ఉన్న వరుసలు మాత్రమే. పచ్చగా ఉన్నవాటి జోలికి పోనక్కర్లేదు. ఒక్కో ఎరుపుకు నిమిషంన్నర. అంతలో తేలకపోతే సంబంధించిన ఇద్దరు తర్వాత మెషిన్ దగ్గర మాట్లాడుకుంటారని కుడివైపు రాసి ముందుకు పోవాలి. ఈ కోత పెట్టడం సూపర్‌వైజర్ పని. మొహమాటపడితే పావుగంట నలభై నిమిషాలు అవుతుంది. చివరి రెండు నిమిషాలు కుడివైపు పేర్లూ గడువులూ పైకి చదివి ముగించాలి. మూడు రోజులు దాటినా కదలని వరుస ఏదైనా ఉంటే అది యజమాని పేరు మీదికి మారుతుంది, ఎందుకంటే సాధారణంగా అలాంటిది సంతకం కోసమో డబ్బు కోసమో ఆగినదే అయి ఉంటుంది.

నిలబడటం దేనికి, కూర్చునే పదిహేను నిమిషాలు మాట్లాడుకోవచ్చు కదా అనొచ్చు. 1999లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అయిదుగురేసి ఉన్న 111 బృందాల మీద దీన్ని పరీక్షించారు. కూర్చున్న బృందాలకు 34 శాతం ఎక్కువ టైమ్ పట్టింది, నిర్ణయాల్లో మాత్రం మెరుగేమీ కనిపించలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, గర్భిణులకు ఒక స్టూల్ వేస్తే తప్పేమీ లేదు. ఇది శిక్ష కాకూడదు.

ఇదంతా హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ వాళ్ల అలవాటు, మనకెందుకు అని కొందరు యజమానులు అంటున్నారు. వాళ్లు రోజూ పావుగంట నిలబడే మాట నిజమే. కానీ సాఫ్ట్‌వేర్‌లో నిన్నటి తప్పును ఇవాళ దిద్దితే పాతది మాయమవుతుంది. మన దగ్గర నిన్న తప్పు తిప్పిన పీస్ ఇవాళ కూడా బిన్‌లోనే ఉంటుంది, స్టీల్ ధరతో సహా. రోజూ చూసుకోవాల్సిన అవసరం వాళ్లకన్నా మనకే ఎక్కువ.

ఎక్కడ చెడుతుందో దాచకుండా చెప్పాలి. మొదటిది, యజమాని వచ్చి బోర్డుకు ఎదురుగా నిలబడి ప్రశ్నలు మొదలుపెడితే అందరూ ఆయన మొహం చూసి మాట్లాడతారు. రిజెక్ట్ ఎందుకైందని అందరి ముందు ఒక్కసారి గద్దిస్తే చాలు, మర్నాటి నుంచి రిజెక్ట్ గడిలో సున్నాలే వస్తాయి. చెడ్డ పీసులు చిప్స్ డబ్బా అడుగుకు పోతాయి. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి మార్గం ఉంది. వారానికోసారి స్టోర్స్ ఇచ్చిన బార్ పొడవుకు ఎన్ని పీసులు రావాలో లెక్కకట్టి, కట్ చేయగా మిగిలిన ముక్కలు తీసేసి, వచ్చిన మంచి పీసులతో పోల్చండి. బోర్డు మీద సున్నా ఉండి ఇక్కడ ఇరవై తేడా వస్తే, షాపులో భయం ఉందని అర్థం. అందుకే యజమాని వస్తే ఒక పక్కన నిలబడాలి, అందరూ చెప్పాకే మాట్లాడాలి, మొదటి నెల ‘ఎవరు’ అన్న మాట వాడకుండా ‘ఏమైంది’ అని మాత్రమే అడగాలి. ఇది కష్టమని మాకు తెలుసు. కానీ మిగతా పద్ధతి అంతా దీని మీదే నిలబడి ఉంది.

రెండోది కారణాల గడి. రోజూ ‘మెషిన్ ప్రాబ్లం’ అని ఉంటే ఎవరో ఒకరే నింపుతున్నారన్నమాట. చక్ ప్రెషర్ పడిపోయిందా, కూలెంట్ ఆగిందా, ప్రోగ్రామ్ కోసం ఎదురుచూశారా, ఎన్ని నిమిషాలు అన్నది ఆపరేటర్ చేతిరాతలోనే ఉండాలి. వంకరగా ఉన్నా ఫర్వాలేదు. మూడోది, సార్ ఊళ్లో లేరు కాబట్టి ఇవాళ వద్దులే అనడం. వరసగా రెండు రోజులు ఆగితే మళ్లీ మొదలుపెట్టడం కష్టం. యజమాని ఉన్నా లేకపోయినా, రావాల్సినవాళ్లలో నలుగురే ఉన్నా, టైమ్‌కు మొదలైపోవాలి.

రాత్రి షిఫ్ట్ గురించి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. దిగేముందు వాళ్లు తమ వరుసలు నింపి వెళ్తారు, చివరి పీస్‌ను కొలిచి బోర్డు కింద ట్రేలో పెడతారు.

పావుగంటలో పట్టనివి కొన్ని ఉన్నాయి. కొత్త మెషిన్ కొనాలా, కస్టమర్‌తో రేటు ఎలా మాట్లాడాలి, జీతాలు, పదే పదే వచ్చే ఫిర్యాదుకు లోతైన విశ్లేషణ. వీటికి కుర్చీలూ టీలూ కావాల్సిందే. మూడు నెలలకోసారి రెండు గంటలు పెట్టుకోండి. నెలవారీ రివ్యూ మానేస్తే ఆడిట్‌లో దొరికిపోతామన్న భయం చాలామందికి ఉంది. ఐఎస్ఓ 9001:2015లో 9.3 క్లాజ్ మేనేజ్‌మెంట్ రివ్యూను నిర్ణయించుకున్న వ్యవధుల్లో జరపమంటుంది, నెలనెలా అనదు. ఆటోమొబైల్ పనికి అడిగే ఐఏటీఎఫ్ 16949 కూడా ఏడాదికి కనీసం ఒకసారి అంటుంది. వ్యవధి ఎంతో మీ క్వాలిటీ మాన్యువల్‌లో మీరే రాసుకున్నారు. అక్కడ ‘నెలకు’ అని ఉంటే ముందు దాన్ని ‘మూడు నెలలకు’ అని మార్చి, తర్వాత మీటింగ్ ఆపండి. ఈ వరుస తప్పితే మాత్రం నిజంగానే దొరికిపోతారు. మూడు నెలల రివ్యూకు కావాల్సిన అంకెల కోసం రోజూ తుడిచే ముందు బోర్డుకు తీసిన ఫోటోలు చాలు. వేరే రిపోర్టు అక్కర్లేదు.

మా విన్నపం ఇంతే. ఒక్క లైన్ మీద, నాలుగైదు మెషిన్లతో, ఆరు వారాలు చేసి చూడండి. ఆ ఆరు వారాల్లో పడే నెలవారీ రివ్యూను నిజంగా రద్దు చేయండి. రెండూ ఉంచితే ముఖ్యమైన మాటలన్నీ పెద్ద మీటింగ్ కోసం దాచుకుంటారు, బోర్డు దగ్గర మొక్కుబడి తంతు మిగులుతుంది. మొదటి రెండు వారాల్లో రిజెక్షన్ అంకె పెరిగి కనిపిస్తుంది. కంగారుపడకండి, ఇన్నాళ్లూ లెక్కలోకి రానివి ఇప్పుడు వస్తున్నాయి. ఆరు వారాలయ్యాక మూడింటిని చూడండి. కుడివైపు రాసిన విషయం తేలడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, మాటిచ్చిన తేదీకి ఎన్ని జాబ్‌లు వెళ్లాయి, ప్లేటింగ్ నుంచో కస్టమర్ నుంచో ఎన్ని పీసులు తిరిగొచ్చాయి. వీటిలో ఏదీ కదలకపోతే పాత పద్ధతికే వెళ్దాం, మేం అడ్డు చెప్పం.

వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టొచ్చు. బోర్డుకు గీతలు మేమే గీస్తాం. కుడివైపు మొదటి వరుసలో ఏం రాయాలో కూడా ఇప్పటికే తెలుసు: ప్లేటింగ్‌కు వెళ్లే ప్రతి జాబ్‌కూ మెషిన్ మీద ఉన్న గేజ్ ఏ కొలతకు సెట్ అయి ఉంది, చూసేది క్వాలిటీ, గడువు మంగళవారం 11 గంటలు.

ఇట్లు,
బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి యూనిట్లలో పనిచేస్తున్న ప్రొడక్షన్, క్వాలిటీ, స్టోర్స్ సూపర్‌వైజర్లు, ఇన్‌స్పెక్టర్లు
హైదరాబాద్